నాన్న కాళ్ళ కింద అట్టముక్క

ఆ వీధిలో ఆయన్ని అందరూ సెలూన్ పెద్దాయన అనేవాళ్ళు. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై తొమ్మిదేళ్ళుగా అదే గదిలో, అదే అద్దం ముందు, అదే కుర్చీ పక్కన నిలబడి జుట్టు కత్తిరిస్తున్నాడు. గదిలో రెండో కుర్చీ కూడా ఉంది గాని, దాని దగ్గర పనిచేసిన భాగస్తుడు చేతులు వణకడం మొదలై మానేశాక దాని మీద పాత దుప్పటి కప్పేశాడు. ఎవరైనా ఎక్కువసేపు కాచుకోవాల్సి వస్తే దుప్పటి తీసి కూర్చోమంటాడు.

మాటలు తక్కువ మనిషి. మంగళ్ళ షాపులో ఊరి కబుర్లన్నీ దొరుకుతాయని అనుకునేవాళ్ళకి ఈయన దగ్గర నిరాశే. "పక్కన తగ్గించనా?" "మెడ దగ్గర గుండ్రంగానా, పలకగానా?" అంతే. కత్తెర మాత్రం తెరిపి లేకుండా మాట్లాడుతూనే ఉంటుంది.

తన విషయానికొస్తే మరీ తక్కువ. ఏం కావాలని ఎవరడిగినా, "నాకేం కావాలి? అన్నీ ఉన్నాయిగా," అనేవాడు. ఆ అన్నీ ఏమిటంటే నాలుగు చొక్కాలు, మూడు ప్యాంట్లు, ఒక జత చెప్పులు, ఒక గొడుగు. పిసినారి కాదు. పిల్లల చదువులకి వెనకాడలేదు, భార్య పళ్ళు కట్టించాల్సి వస్తే మంచి డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాడు. తన దాకా వచ్చేసరికి మాత్రం ఎవరో పరాయివాడికి ఖర్చు పెడుతున్నట్టు మొహం చిట్లించేవాడు. హడావిడి అంటే అసలు గిట్టదు. కూతురి పెళ్ళిలో ఫోటోకి నిలబడమంటే, మంచినీళ్ళ డబ్బాలు దిగాయో లేదో చూసొస్తానని వెళ్ళి, ఫోటోలన్నీ అయిపోయాక వచ్చాడు.

ఆ కూతురికి ఇప్పుడు నలభై ఒకటి. రెండు వీధుల అవతల కాపురం. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను మీద తనిఖీ పని. కన్వేయరు మీద మాత్రల పట్టీలు వరసగా కదిలి వస్తుంటే, గుంట ఖాళీగా ఉన్నదాన్ని, మాత్ర విరిగినదాన్ని పక్కకి తీసెయ్యాలి. అదీ నిలబడి చేసే పనే. పదహారేళ్ళుగా చేస్తోంది.

ఒకరోజు సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దాటుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. అతనిది సెల్‌ఫోన్ల షాపు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"అక్కా, వచ్చే నెలకి నాన్న షాపు పెట్టి నలభై ఏళ్ళు, తెలుసా?"

"నాన్నకి తెలుసా?"

"తెలిస్తే మాత్రం చెప్తాడా? విను, నేనో ప్లాను వేశా. చిన్న హాలు మాట్లాడదాం. పాత కస్టమర్లందర్నీ పిలుద్దాం. షాపు ముందు బ్యానరు కడదాం. నాన్నకో షీల్డు చేయిద్దాం, పేరు చెక్కించి."

"నాన్న వస్తాడంటావా?"

"ఎందుకు రాడు? ఆయన కోసమేగా!"

"అందుకే రాడు," అంది అక్క.

తమ్ముడు వెంటనే ప్లాను మార్చాడు. "అయితే ఏదైనా మంచి వస్తువు కొందాం. నువ్వే చెప్పు ఏం కావాలో. నాకైతే ఆయనకి ఏమివ్వాలో చచ్చినా తోచదు."

ఆమెకీ తోచలేదు. అయినా, "చూస్తాలే," అని ఫోన్ పెట్టేసింది. అలా ఆ పని ఆమె నెత్తిన పడింది.

మొదట తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆయన షాపులో ఉన్న వేళ చూసుకుని, "అమ్మా, ఇన్నాళ్ళూ నాన్నకి మేమిచ్చినవన్నీ ఏమయ్యాయి?" అని అడిగింది.

తల్లి నవ్వి, బీరువా అడుగు అర తెరిచింది. మ్యూజియంలా ఉంది అందులో. పెట్టెలోనే ఉన్న చేతి గడియారం, సంచి విప్పని ఉన్ని స్వెట్టరు, అట్ట చింపని గడ్డం గీసుకునే మిషను. "మంగలాయనకి గడ్డం మిషను కొన్న మహానుభావుడు ఎవరో అడక్కు, నీ తమ్ముడే," అంది తల్లి. అన్నిటికంటే వెనక పెద్ద పెట్టెలో కరెంటుతో పనిచేసే కాళ్ళు పిసికే మిషను. రెండేళ్ళ కిందట తమ్ముడే తెచ్చాడు. ఒక్కసారి ప్లగ్గు పెట్టారట. అది గుర్రుమంటుంటే ఇంట్లోవాళ్ళంతా చుట్టూ చేరి "హాయిగా ఉందా? ఉందా?" అని అడిగారట. ఆయన లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

"మరి వాడినవేవీ లేవా?" అంది కూతురు.

తల్లి ఆలోచించింది. "ఉన్నాయి. ఫ్లాస్కు వాడతారు. నీ తమ్ముడు ఒకసారి షాపులో మర్చిపోయి వచ్చాడు, అది. టార్చిలైటు వాడతారు. అది నువ్వు నాకు కొన్నది. ఇంకా... ఆ నల్ల గొడుగు. బస్సులో ఎవరో మర్చిపోయి వదిలేసినది."

కూతురు ఇది గమనించింది. నాన్న చేతికి ఇదిగో అని ఇచ్చినవన్నీ బీరువాలో ఉన్నాయి. ఎవరో వదిలేసినవీ, ఇంటికోసం కొన్నవీ మాత్రమే వాడకంలోకి వచ్చాయి. ఇస్తున్నామని చెప్పి ఇస్తే అందరూ ఆయన మొహంకేసి చూస్తారు, సంతోషించాడా లేదా అని. ఆ చూపులే ఆయనకి పడవేమో అనుకుంది.

"ఆయన్నే అడిగేస్తే?"

"అడుగు. ఏమీ వద్దంటారు. నలభై రెండేళ్ళ నుంచి వింటున్నా ఆ పాట," అంది తల్లి.

అడగలేదు ఆమె. చూద్దామనుకుంది. ఆ వారం తన ఇంట్లో గోడలకి రంగులు వేయిస్తున్నారు. ఫ్యాక్టరీలో వారం వారం మారే తన సెలవురోజు పొద్దున్నే ఆ వాసనకి తలనొప్పి పట్టుకుంది. అదే సాకుగా నాన్న షాపుకి వెళ్ళి రెండో కుర్చీ మీది దుప్పటి తీసి కూర్చుంది. "రంగుల వాసన నాన్నా, కాసేపు ఇక్కడుంటా," అంటే, ఆయన తలూపి ఫ్లాస్కు వైపు చెయ్యి చూపించాడు.

చిన్నప్పుడు బడి వదలగానే వచ్చి కూర్చునేది అక్కడ. పెళ్ళయ్యాక రావడం, ఏదో ఇచ్చి పోవడమే గాని ఇంతసేపు కూర్చున్నది లేదు. పొడరు వాసన, గడ్డం సబ్బు వాసన, గోడకి వేలాడే, కత్తి సానబట్టే తోలు పట్టీ, అద్దం కింద అరలో పరిమాణం వారీగా పేర్చిన దువ్వెనలు. అన్నీ బాగున్నవే. కత్తెరలు ఆయనే ఎంచుకుని కొనుక్కుంటాడు, ఇంకొకరు కొన్న కత్తెర ముట్టుకోడు. పనిముట్ల జోలికి పోకూడదని ఆమెకి అక్కడే తేలిపోయింది.

మధ్యాహ్నం దాకా తొమ్మిది మంది వచ్చారు. ఆరో మనిషి తలకాయ మీద పని జరుగుతుండగా ఆమె చూపు కిందికి దిగింది. నాన్న చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. కాళ్ళ కింద ఒక అట్టపెట్టె ముక్క. నాలుగు మడతలు పెట్టి, చుట్టూ టేపు అంటించి ఉంది. కుర్చీకి కుడివైపు ఒకటి, వెనక ఒకటి, ఎడమవైపు ఒకటి. కుర్చీ చుట్టూ తిరిగేటప్పుడు ఒక అట్ట మీంచి ఇంకో అట్ట మీదికి అడుగు వేస్తున్నాడు గాని నేల మీద కాలు ఆనించడం లేదు. కాసేపటికోసారి ఒక కాలు ఎత్తి కుర్చీ అడుగునున్న ఇనుప దిమ్మ మీద పెడుతున్నాడు. తరవాత రెండోది.

ఆ మనిషి వెళ్ళాక అడిగింది. "ఆ అట్టలేమిటి నాన్నా?"

"నేల చల్లగా ఉంటుంది."

ఎండాకాలం నడినెత్తిన ఉంది. చల్లటి నేల కోసం కుక్కలు గుమ్మంలో పడుకునే రోజులవి.

ఇంకాసేపాగి, ఎటో చూస్తూ, "ఈమధ్య చక్రాల స్టూళ్ళు వస్తున్నాయట, కూర్చునే కటింగు చేసుకోవచ్చట," అంది.

"కూర్చుంటే చెయ్యి కిందికి పోతుంది. చెవి వెనక లైను రాదు," అన్నాడాయన. కోపంగా కాదు, నిజం చెప్పినట్టు చెప్పాడు. స్టూలు సంగతి అక్కడితో సరి.

ఆ సాయంత్రం తల్లిని పక్కకి పిలిచి అడిగింది. "నాన్నకి కాళ్ళు నొప్పులా?"

"ఆయన్నడిగితే ఏమీ లేదంటారు. బాత్‌రూములో బకెట్‌ని అడుగు, అది చెబుతుంది," అంది తల్లి. "రోజూ షాపు మూసి రాగానే వేణ్ణీళ్ళలో పాదాలు పెట్టుకుని అరగంట కూర్చుంటారు. తలుపు గడియ పెట్టుకుని. నాకు తెలీదనుకుంటారు. తడిసిన ప్యాంటు అంచులు ఉతికేది ఎవరు మరి?"

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా అని కూతురు అడిగింది. పోయిన ఏడాదే వెళ్ళారట. ఎముకలు బాగానే ఉన్నాయట. నిలబడడం తగ్గించమన్నాడట డాక్టరు. "తగ్గిస్తారా ఈయన?" అని తల్లి చేతులు తిప్పింది.

బూట్లు కొనాలా అని రెండు రోజులు ఆలోచించింది కూతురు. ఉత్త కాళ్ళతో నిలబడి పనిచెయ్యడం అలవాటైన మనిషి బూట్లు ఎందుకు తొడుగుతాడు? పైగా ఇంకొకరు కొన్న బూట్లు సరిపోతే అదృష్టం, లేకపోతే అదీ బీరువాకే. అట్టముక్కలు ఆమె మనసులోంచి పోవడం లేదు. మనిషికి ఏది కావాలో నోటితో చెప్పకపోయినా చేత్తో చేసుకున్నాడు కదా, దాన్నే ఇంకాస్త బాగా చేసివ్వడం ఎలా అన్నదే తేలలేదు.

తేలింది తన పనిచోటే. సోమవారం లైను మీద నిలబడి ఉండగా ఒక పట్టీ జారి వెనక్కి పడింది. తీసుకుందామని రెండడుగులు వెనక్కి వేసింది. గట్టి నేల అరికాలికి తగిలింది. మళ్ళీ ముందుకొచ్చి నిలబడింది. మెత్తగా, నిబ్బరంగా ఉంది. కిందికి చూసుకుంది. నల్లటి రబ్బరు చాప. ఆరేళ్ళుగా దాని మీదే నిలబడుతోంది, దాని ఉనికే మర్చిపోయింది. అంతకుముందు? అంతకుముందు లైనులో ఆడవాళ్ళందరూ మందుల పెట్టెల అట్టలు మడిచి కాళ్ళ కింద వేసుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ అది చూసి, పైవాళ్ళతో పోట్లాడి చాపలు తెప్పించింది.

తనే ఆ అట్టల మీద పదేళ్ళు నిలబడి, నాన్న కాళ్ళ కింద చూసి పోల్చుకోలేకపోయినందుకు ఆమెకి తన మీద తనకే నవ్వొచ్చింది.

స్టోర్సులో అడిగి, అవి అమ్మే షాపు అడ్రసు పట్టుకుంది. వర్క్‌షాపులుండే సందులో ఉంది అది. యజమాని బట్టతల మనిషి. సెలూనుకి అనగానే ఆయన మొహంలో ఉత్సాహం వచ్చింది, తనకి ఆ అవసరం తీరిపోయినా.

"చిల్లులున్నది వద్దమ్మా, అది నీళ్ళు కారే చోట్లకి. చారలున్నదీ వద్దు, చారల్లో వెంట్రుకలు ఇరుక్కుంటే చీపురు పీకలేదు. నున్నగా ఉన్నది తీసుకోండి. ఎక్కి నిలబడండి."

మూడు రకాలు నేల మీద పరిచాడు. మొదటిది ఎక్కగానే పరుపులా హాయిగా ఉంది. ఆమె దాన్నే ఎంచుకోబోయింది.

"ఆగండి. ఐదు నిమిషాలు నిలబడండి. తొందరపడకండి."

నిలబడింది. మూడో నిమిషానికి మడమ కుంగి నేల తగలడం మొదలైంది.

"చూశారా? మెత్తగా ఉన్నదల్లా మంచిది కాదు. రోజంతా కుంగిపోయే దాని మీద నిలబడితే పిక్కలు ఇంకా లాగుతాయి. కాస్త బిగువు ఉండాలి."

మధ్యరకం నచ్చింది. వేలి మందం కంటే తక్కువే, అంచులు నేలకి వాలుగా చెక్కి ఉన్నాయి, వచ్చేపోయేవాళ్ళ కాలికి తట్టుకోకుండా. కుర్చీ దిమ్మ చుట్టూ అమరేలా మధ్యలో గుండ్రంగా కొయ్యాలి, కొలత తెస్తే కోసిస్తానన్నాడు. "కోశాక మాత్రం వాపసు తీసుకోను. ముందే చెబుతున్నా."

కొలత తియ్యాలంటే నాన్నకి తెలియకుండా షాపులోకి వెళ్ళాలి. షాపు వారం సెలవు రోజు ఆయన భోంచేసి నడుం వాల్చాక, తల్లీ కూతుళ్ళిద్దరూ తాళంచెవి తీసుకుని దొంగల్లా బయల్దేరారు. నేల మీద న్యూస్‌పేపర్లు పరిచి, దిమ్మ చుట్టూ పెన్సిలుతో గీసి, జాకెట్టుకి కాగితం కత్తిరించినట్టు కత్తిరించింది తల్లి. "నలభై రెండేళ్ళ కాపురంలో ఈయన పాదాల కింద కాగితం పరచడం ఇదే మొదటిసారి," అంటూ నడుం పట్టుకుని లేచింది.

చాప వచ్చింది. కొత్త రబ్బరు వాసన గుప్పుమంటోంది. ఆ వాసన సెలూన్లో వస్తే కస్టమర్లు ముక్కు మూసుకుంటారని, సబ్బునీళ్ళతో కడిగి, డాబా మీద నీడపట్టున ఐదు రోజులు ఆరబెట్టింది. తమ్ముడు చూడ్డానికి వచ్చి పెదవి విరిచాడు.

"నలభై ఏళ్ళకి కాళ్ళు తుడుచుకునే పట్టానా అక్కా?"

"ఎక్కి నిలబడరా."

నిలబడ్డాడు. అటూ ఇటూ ఊగాడు. "బానే ఉంది," అని ఒప్పుకున్నాడు. "కానీ ఇవ్వడం మాత్రం బాగా ఇద్దాం. రిబ్బను కడదాం."

రిబ్బను వద్దంది. ఎవరూ లేనప్పుడు పరిచేసి వస్తే, ఫ్లాస్కులాగే అదీ తనంతట తనే వాడకంలోకి వస్తుందని ఆమె లెక్క. షాపు తరవాతి సెలవురోజు మధ్యాహ్నం ముగ్గురూ వెళ్ళి పరిచారు. గుండ్రం సరిగ్గా అమరింది. పాత అట్టలు తీసి చెత్తబుట్టలో పడేశారు. తమ్ముడు మాట వినకుండా ఒక రంగు కార్డు తెచ్చి అద్దానికి అంటించాడు: "నలభై ఏళ్ళుగా నిలబడ్డ మా నాన్నకి ప్రేమతో." వాడి మొహం చూసి ఆమె దాన్ని పీకలేకపోయింది.

మర్నాడు పది గంటలకి, లైను మీద విరామం ఇచ్చిన సమయంలో, తల్లి ఫోన్ చేసింది.

"మీ నాన్న దాన్ని చుట్టి మూలకి నిలబెట్టారే. కార్డు తీసి సొరుగులో పెట్టారు. చెత్తబుట్టలోంచి అట్టలు తీసి మళ్ళీ వేసుకున్నారు. టిఫిను క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే చూశాను. ఉలకరు, పలకరు. మొహం గంటు పెట్టుకున్నారు."

మిగిలిన షిఫ్టంతా విరిగిన మాత్రలు కళ్ళముందు వెళుతున్నా రెండు మూడు వదిలేసింది, పక్కనున్నావిడ పట్టుకుంది. మొదట కోపం వచ్చింది, ఏమిచ్చినా ఈయనకింతే అని. తరవాత అట్టలు గుర్తొచ్చాయి. ఆయన కూర్చి, టేపు అంటించుకున్న వాటిని తను ఒక్కమాటైనా అడక్కుండా చెత్తబుట్టలో పడేసింది. తన లైను దగ్గర ఎవరైనా అలా చేస్తే ఊరుకునేదా?

పని దిగాక ఇంటికి పోకుండా నేరుగా షాపుకి వెళ్ళింది. పొద్దు వాలుతోంది. ఆయన ఒక్కడే ఉన్నాడు, దువ్వెనలు కడుగుతున్నాడు. చాప మూలన చుట్టి ఉంది.

"నాన్నా, అది నేనే తెచ్చాను."

"తెలుసు."

"అడక్కుండా నీ షాపులో చెయ్యి పెట్టాను. తప్పే. నీ అట్టలు పారెయ్యడం ఇంకా తప్పు."

ఆయన దువ్వెనలు కడగడం ఆపలేదు. కడుగుతూనే అన్నాడు. "పొద్దున్న మొదటి బేరం రిటైరైన హెడ్‌మాస్టారు. కూర్చోబెట్టి కుర్చీ పైకి లేపాను. కటింగయ్యాక దింపుదామంటే దిగదే! పెడలు కిందికంటా తొక్కి పట్టుకుంటే గాని కుర్చీ దిగదు. మీ రబ్బరు అడ్డం. సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. ఆ వయసులో ఆయన్ని రెండు చేతులతో ఎత్తి దింపాను, చంటిపిల్లాణ్ణి దింపినట్టు."

ఆమెకి నవ్వు ఆగలేదు. ఆపుకోవాలని చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన అద్దంలోంచి చూశాడు. ఆయన మీసం కూడా కొంచెం కదిలింది.

"దిమ్మ కొలిచాం గాని పెడలు సంగతే తట్టలేదు," అంది.

"ఎలా తడుతుంది? పని చేసేది మీరా?"

ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది. ఆమె వెళ్ళి చాప చుట్టను ముందుకు లాగింది. "నిజమే. సరే, నేను ఇంటికి పట్టుకుపోతాను. కోశాక షాపువాడు వాపసు తీసుకోడు గాని, నా వంటగట్టు కింద వేసుకుంటాను. ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా ఇలాంటిదాని మీదే నిలబడుతున్నాను. ఇంట్లో గచ్చు మీద నిలబడితేనే మడమలు పీకుతాయి."

దువ్వెనలు కడిగే చెయ్యి ఆగింది.

"నీకూ పీకుతాయా?"

"ఎందుకు పీకవు? పదహారేళ్ళు అయింది. చాపలు రాకముందు మేమూ అట్టలే వేసుకునేవాళ్ళం. మందుల పెట్టెలవి. మూడు మడతలు."

"మూడు చాలవు. నాలుగు ఉండాలి," అన్నాడాయన.

"నాలుగు పెడితే మధ్యలో ఉబ్బుతుంది కదా?"

"టేపు వెయ్యాలి. మూలలకి కాదు, నడుముకి."

ఇద్దరూ కాసేపు అట్టల గురించే మాట్లాడుకున్నారు. ఏ పెట్టె అట్ట ఎన్నాళ్ళు ఆగుతుంది, వానాకాలం తేమకి ఎలా చీకిపోతుంది అని. ఆయన ఇంత మాట్లాడడం ఆమె ఈమధ్య ఎరగదు. చివరికి తలొంచుకుని, "చెప్పలేదేం నువ్వు? మడమల సంగతి," అన్నాడు.

"నువ్వు చెప్పావా?"

ఆయన తువ్వాలుకి చేతులు తుడుచుకున్నాడు. చాప చుట్ట దగ్గరికి వచ్చి, విప్పి, వేలితో మందం చూశాడు. కస్టమరు జుట్టు చూసినట్టే చూశాడు, అటు తిప్పి, ఇటు తిప్పి.

"అంచు బాగానే చెక్కాడు. చీపురుకి అడ్డం రాదు," అన్నాడు. కుర్చీ దగ్గర పరిచి, పెడలు తొక్కి, అది రబ్బరుకి తగిలే చోట సబ్బుముక్కతో గుర్తు పెట్టాడు. సొరుగులోంచి పెద్ద బ్లేడు కత్తి తీశాడు. రబ్బరు మీద కత్తి రెండంగుళాలు వెళ్ళి పట్టేసింది.

"లాగకు నాన్నా, జారితే చెయ్యి తెగుతుంది."

"నలభై ఏళ్ళుగా జారలేదు." గడ్డం బ్రష్షు గిన్నెలో ముంచి, నురుగు చేసి, గుర్తు వెంబడి రాశాడు. కత్తికీ కాస్త రాశాడు. ఈసారి వెన్నలో దిగినట్టు దిగింది. అరచేతి అంత ముక్క ఊడి వచ్చింది. పెడలు తొక్కి పట్టుకున్నాడు. ఖాళీ కుర్చీ నిట్టూర్చినట్టు చప్పుడు చేస్తూ కిందికంటా దిగింది.

"ఊఁ," అన్నాడు.

అట్టలు తీసి మడిచి బల్ల కింద పెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ పారెయ్యలేదు, ఆయనే దాచుకున్నాడు. చాప మీద ఎక్కి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు, కుడి నుంచి వెనక్కి, వెనక నుంచి ఎడమకి. బాగుందా అని అడగాలని ఆమె నోటిదాకా వచ్చింది. గుర్రుమనే మిషను చుట్టూ నిలబడ్డ మనుషులు గుర్తొచ్చి, వెళ్ళి ఫ్లాస్కు మూత తీసింది. "టీ ఉందా?"

"అడుగున కాస్త ఉంటుంది చూడు," అన్నాడు.

హాలు సంగతి తమ్ముడితో మాన్పించడానికి ఆమెకి రెండు సాయంత్రాలు పట్టింది. బ్యానరు కూడా మానేశాడు. కానీ నలభై ఏళ్ళు నిండే రోజు రాగానే వాడు ఉండబట్టలేక కేకు పట్టుకుని షాపుకి వచ్చేశాడు. కస్టమరు కుర్చీలో ఉండగా కేకు ఏమిట్రా అని నాన్న విసుక్కున్నాడు. ఆ కస్టమరే గడ్డానికి నురుగుతో సగం కేకు తిన్నాడు. మిగతాది నాన్న వీధిలో వాళ్ళకి పంచమన్నాడు. తను ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుని, తియ్యదనం ఎక్కువైందన్నాడు. తమ్ముడు దానికే పొంగిపోయి, తిన్నాడు చూశావా అని అక్కకి ఫోన్ చేసి చెప్పాడు.

చాప గురించి ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా రాలేదు. కూతురు అడగనూ లేదు. వేణ్ణీళ్ళ బకెట్ మాత్రం రోజు విడిచి రోజుకి వచ్చిందని తల్లి కబురు చెప్పింది. నొప్పి పూర్తిగా మానలేదు, మానదు కూడా, ఆ వయసుకి అంతే చాలు అంది.

నెలన్నర తరవాత ఒకరోజు పొద్దున ఆయనే కూతురి ఇంటికి వచ్చాడు. కబురైనా లేకుండా రావడం అలవాటు లేని మనిషి. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇస్త్రీ షాపాయన మన షాపుకి వచ్చినప్పుడల్లా ఆ చాప మీదే నిలబడి కబుర్లు చెబుతున్నాడు. తనకీ ఒకటి కావాలట. ఎక్కడ కొన్నావో కాగితం మీద రాసివ్వు."

"రాయడం ఎందుకు? ఈరోజు నాకూ సెలవేగా. పద, వెళ్దాం."

వద్దంటాడనుకుంది. "ఎండెక్కకముందే పోదాం," అన్నాడు.

సందులో ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఆయన నడక నెమ్మది. ఆమె కూడా నెమ్మదిగానే నడిచింది. షాపాయన మూడు రకాల చాపలూ నేల మీద పరిచాడు. ఇస్త్రీ మనిషి రోజంతా ఒకే చోట నిలబడతాడు, నాలా తిరగడు, పైగా నిప్పు దగ్గర పని, వేడికి రబ్బరు కరగకూడదు అని నాన్న వివరంగా చెప్పాడు. షాపాయన ఇంకో రకం తెచ్చి చూపించాడు. నాన్న చెప్పులు విడిచి ఎక్కి నిలబడ్డాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

తరవాత పక్కకి జరిగి, కూతురి వైపు తిరిగాడు.

"నువ్వూ ఎక్కి చూడు. నీ వంటగట్టు కింద వెయ్యాలి కదా, దాని పొడుగెంతో కొలత తెచ్చావా?"

తేలేదని చెప్పింది.

"సరే, మనిద్దరం వెళ్ళి కొలుచుకొద్దాం," అన్నాడు సెలూన్ పెద్దాయన, చెప్పులు తొడుక్కుంటూ.